కార్డిస్ట్రీ మొదలుపెట్టేవాళ్ళకి: ఒంటిచేతి కట్, రెండు ఫ్యాన్‌లు, డెక్ అంచులు పాడవకుండా చూసుకోవడం

కార్డిస్ట్రీ అంటే మ్యాజిక్ కాదు, ఇక్కడ ఎవరినీ మోసం చెయ్యడం ఉండదు, పేకముక్కలు చేతిలో ఎలా కదులుతున్నాయన్నదే మొత్తం విషయం. చాలామంది వీడియోల్లో పెద్ద పెద్ద మూవ్స్ చూసి నేరుగా అక్కడికే వెళ్ళిపోతారు, డెక్‌ని చిన్న చిన్న కట్టలుగా విడగొట్టి రెండు చేతుల్లో అలాంటి 5 ప్యాకెట్లు తిప్పేద్దామని, వారంలో ముక్కల అంచులు చీరుకుపోయి డెక్ ఉబ్బిపోతుంది, అప్పుడు ఏ మూవ్ కూడా సరిగ్గా రాదు. అందుకే ఇందులో మూడే తీసుకున్నా: ఒక్క చేత్తో డెక్ కింది సగాన్ని పైకి తెచ్చే చార్లియర్ కట్, ముక్కల్ని విసనకర్రలా పరిచే థంబ్ ఫ్యాన్, అదే ఒక్క చేత్తో చేసే ఒంటిచేతి ఫ్యాన్. ఈ మూడింటికీ కావాల్సింది ఒకటే, ముక్కల్ని ఎంత తేలిగ్గా పట్టుకోగలం అన్నది, అంచులు బతకడం కూడా దాని మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి ఆ సంగతి చివర్లో విడిగానే కాకుండా మధ్యమధ్యలో కూడా చెప్తూ పోతా.

ముందు డెక్ గురించి

పోకర్ సైజ్ డెక్ తీసుకోండి, ముక్క వెడల్పు 63.5 మిల్లీమీటర్లు, పొడుగు 88.9 మిల్లీమీటర్లు. బ్రిడ్జ్ సైజ్ అని ఇంకోటి ఉంటుంది, వెడల్పు 57 మిల్లీమీటర్లు, చెయ్యి బాగా చిన్నగా ఉన్నవాళ్ళకి కట్స్ అందులో తేలికే కానీ కార్డిస్ట్రీ కోసం తయారయ్యే డెక్‌లు దాదాపు అన్నీ పోకర్ సైజే, అలవాటు దాని మీద పడటమే మంచిది. పేపర్ ముక్కలు కావాలి, పూర్తి ప్లాస్టిక్‌వి వద్దు, అవి ఒకదాని మీద ఒకటి అదుపు లేకుండా జారిపోతాయి, ఫ్యాన్ సమానంగా పరుచుకోదు. మామూలు బైసికిల్ డెక్ చాలు. దాని ముక్క మీద చేత్తో తడిమితే సన్నని గుంటలు తగులుతాయి చూడండి, ఆ గుంటల్లో గాలి నిలబడటం వల్లే ముక్కలు అతుక్కోకుండా జారతాయి. ఆ గుంటలు చెమటతో, మురికితో నిండిపోయిన రోజు నుంచీ ఫ్యాన్ ముద్దలు ముద్దలుగా వస్తుంది.

కుదిరితే రెండు డెక్‌లు పెట్టుకోండి. ఒకటి నేర్చుకోడానికి, కింద పడటానికి. ఇంకోటి వచ్చేసిన మూవ్స్‌ని నీట్‌గా చేసుకోడానికి. కొత్త మూవ్‌ని కొత్త డెక్‌తో మొదలుపెట్టకండి, దయచేసి.

గ్రిప్

కుడిచేతి వాటం వాళ్ళు చార్లియర్‌ని ఎడమ చేత్తో మొదలుపెట్టడం మామూలు, ఎందుకంటే డెక్ ఎక్కువగా ఉండేది ఆ చేతిలోనే. నేను ఎడమ చెయ్యి లెక్కలో చెప్తా, మీది ఇంకో చెయ్యి అయితే తిప్పుకుని చదువుకోండి.

అరచెయ్యి పైకి ఉండాలి. డెక్ అరచేతిలో కూర్చోకూడదు, వేళ్ళ కొసల మీద నిలబడాలి, డెక్‌కీ అరచేతికీ మధ్య ఖాళీ కనపడాలి. బొటనవేలి మెత్తటి భాగం ఎడమ పక్క పొడుగు అంచు మీద, నడివేలు ఉంగరం వేలు కుడి పక్క పొడుగు అంచు మీద. చిటికెన వేలు మీ వైపున్న పొట్టి అంచుకి అడ్డంగా, ముక్కలు వెనక్కి జారిపోకుండా ఆపడానికి. చూపుడువేలు ఖాళీగా, డెక్ కింద ముడుచుకుని రెడీగా ఉంటుంది, దాని పని తర్వాత వస్తుంది.

ఇప్పుడు ఎంత గట్టిగా పట్టుకోవాలి? చిన్న పరీక్ష ఉంది. డెక్ ఇలా పట్టుకుని రెండో చేత్తో మధ్యలోంచి ఒక ముక్కని మెల్లగా లాగండి, మిగతావి కదలకుండా ఆ ఒక్కటి బయటికి రావాలి. రాకుండా బిగుసుకుపోతే మీరు నొక్కేస్తున్నారు. రావడంతోపాటు చుట్టుపక్కలవి కూడా కారిపోతే మరీ వదులు. ఈ రెండింటికీ మధ్య ఉన్న పట్టుని వేళ్ళు గుర్తుపెట్టుకునేదాకా కట్ జోలికి వెళ్ళక్కర్లేదు. బిగించి పట్టుకునేవాళ్ళ డెక్‌లో పొడుగు అంచుల మధ్య భాగం ముందు అరుగుతుంది, అంచు చూస్తేనే తెలిసిపోతుంది.

చార్లియర్ కట్

19వ శతాబ్దంలో చార్లియర్ అనే పేకముక్కల మాంత్రికుడు ఉండేవాడు, ఆయన పేరే దీనికి ఉండిపోయింది. మ్యాజిక్ వాళ్ళు దీన్ని చాటుగా వాడేవాళ్ళు, మనం బయటికే చూపిస్తాం, అంతే తేడా.

పూర్తి డెక్‌తో మొదలెట్టకండి. 52 ముక్కలు కలిపి పేర్చితే మందం దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్, వేళ్ళకి ఇంకా సాగడం అలవాటు కాలేదు కాబట్టి ఓ 26 ముక్కలు తీసుకోండి. రెండు మూడు రోజుల్లో కొంచెం కొంచెం కలుపుకుంటూ పోవచ్చు.

మొదటిది, వదలడం. బొటనవేలిని కాస్త సడలించి కింది సగాన్ని మాత్రమే వదలాలి. పై సగం అంచు ఇంకా బొటనవేలి కిందే ఉంటుంది. కింది సగం బొటనవేలి వైపు పుస్తకంలా తెరుచుకుని అరచేతిలోకి వాలుతుంది, దాని ఎడమ అంచు వచ్చి బొటనవేలి మొదట్లో ఆనుతుంది. సరిగ్గా సగమే వదలాలంటే బొటనవేలిని అంచు మధ్యలో పెట్టకుండా కొంచెం పైకి జరపండి, నొక్కు పై ముక్కల మీదే పడుతుంది, కిందివి వాటంతటవే రాలతాయి. మొదట్లో 5 ముక్కలు పడొచ్చు, 20 పడొచ్చు, పర్లేదు, సగానికి దగ్గరగా రావడం మెల్లగా కుదురుతుంది.

రెండోది, తొయ్యడం. చూపుడువేలు ఇప్పుడు కింది ప్యాకెట్ అడుగుకి వెళ్ళి దాని కుడి వైపుని, అంటే నడివేలు ఉన్న వైపుని, పైకి బొటనవేలి దిశగా తోస్తుంది. ఇక్కడే ఎక్కువమంది తికమకపడతారు. ప్యాకెట్ మొత్తాన్ని పైకి లేపడం కాదు, దాని ఎడమ అంచు బొటనవేలి మొదట్లో అలాగే ఆనుకుని ఉండగా కుడి అంచు పైకి లేస్తూ వెళ్ళి ప్యాకెట్ దాదాపు నిలువుగా నిలబడాలి, దాని పై అంచు బొటనవేలి కొస దాకా రావాలి.

మూడోది, దాటడం. నిలబడుతున్న ప్యాకెట్ పై అంచు, పై ప్యాకెట్ ఎడమ అంచుని దాటే క్షణం ఒకటుంటుంది. అప్పుడు బొటనవేలు ఒక్క పిసరు బయటికి తెరుచుకోవాలి, నడివేలు ఉంగరం వేలు కూడా కొంచెం అటుపక్కకి చాచాలి. దాటిందీ అంటే పై ప్యాకెట్ ఎడమ అంచుకి ఇంక ఆధారం లేదు, అది కిందికి జారి చూపుడువేలి మీద వాలుతుంది.

నాలుగోది, మూయడం. చూపుడువేలిని మెల్లగా కిందికి దించితే పాత పై ప్యాకెట్ అరచేతిలోకి దిగుతుంది, నిలబడ్డ ప్యాకెట్ దాని మీదికి వాలి మూసుకుంటుంది. చూపుడువేలు బయటికి తీసేసి వేళ్ళతో పక్కల్ని సర్దుకుంటే కట్ పూర్తి. కింద ఉన్నవి పైకొచ్చాయో లేదో చూసుకోడానికి మొదలుపెట్టే ముందు అడుగు ముక్కని గుర్తుపెట్టుకోండి, కట్ అయ్యాక అది మధ్యలోకి వెళ్ళిపోవాలి.

ఎక్కడ ఇరుక్కుంటుందంటే దాదాపు ఎప్పుడూ మూడో దగ్గరే. కింది ప్యాకెట్ అంచు వెళ్ళి పై ప్యాకెట్ అడుగుకి గుద్దుకుని ఆగిపోతుంది, అప్పుడు మనం ఏం చేస్తాం, చూపుడువేలితో ఇంకా బలంగా తోస్తాం. అది చెయ్యకండి. ఒక ప్యాకెట్ అంచు ఇంకో ప్యాకెట్ ముక్కని గీసుకుంటూ వెళ్తుంది, రోజుకి వందసార్లు అలా జరిగితే అడుగు ముక్కల మీద గీతలూ అంచుల్లో పగుళ్ళూ ఖాయం. ఆగిన చోటే ఆపి చెయ్యి చూసుకోండి. డెక్ అరచేతిలోకి దిగిపోయిందా? అయితే లోపల తిరగడానికి చోటు లేదు, మళ్ళీ వేళ్ళ కొసల మీదికి ఎత్తండి. డెక్ పైనే ఉంది, అయినా తగులుతోందా? అయితే బొటనవేలు తెరవడం లేదు. వేళ్ళు ఎంత చాచినా అందట్లేదంటే ముక్కల సంఖ్య తగ్గించండి, కొన్నాళ్ళకి వేళ్ళు సాగుతాయి.

ఇంకో ఇబ్బంది, ముక్కలు మీ వైపుకి కారిపోవడం. చిటికెన వేలు అడ్డం లేదన్నమాట. చెయ్యిని కొద్దిగా వంచి మీ వైపు పొట్టి అంచు కిందికి ఉండేలా పెట్టుకుంటే బరువు చిటికెన వేలి మీదికి వచ్చి ముక్కలు అక్కడే ఆగుతాయి. కట్ బాగా వచ్చాక చెయ్యి మళ్ళీ సమంగా చేసుకోవచ్చు.

ఇది ఒక చేత్తో వచ్చాక రెండో చేతికి కూడా నేర్పండి, వెంటనే, ఆలస్యం చెయ్యకుండా. డెక్‌ని రెండు సగాలు చేసి రెండు చేతుల్లో ఒకేసారి చార్లియర్ చేస్తే చూడ్డానికి చాలా బాగుంటుంది, పైగా బలహీనమైన చెయ్యి ఎక్కడ తడబడుతోందో పక్కపక్కనే కనపడిపోతుంది.

థంబ్ ఫ్యాన్

ఫ్యాన్‌లలో ముందు రెండు చేతులతో చేసే థంబ్ ఫ్యాన్ రావాలి. ఒంటిచేతిది దాని తర్వాతే, ఎందుకంటే ముక్కలు ఒక ఇరుసు చుట్టూ ఎలా తిరుగుతాయో చేతికి అర్థమయ్యేది ఇక్కడే.

డెక్‌ని ఎడమ చేత్తో నిలువుగా పట్టుకోండి, ముక్కల ముఖాలు మీవైపు. వేళ్ళు వెనకాల చాచి ఉండాలి, బొటనవేలు ముందువైపు కింది భాగంలో, పొట్టి అంచుకి దగ్గరగా. ఇరుసు అదే. పట్టు ఎంత కింద ఉంటే ఫ్యాన్ అంత పెద్దగా తెరుచుకుంటుంది. డెక్ పై భాగం మొత్తం ఖాళీగా ఉండాలి, ఏ వేలూ అడ్డం రాకూడదు.

ఇప్పుడు కుడి బొటనవేలిని పై ఎడమ మూల దగ్గర పొడుగు అంచు మీద ఆనించి, కుడి వైపుకి అర్ధవృత్తంలా తిప్పుతూ కిందికి తెచ్చెయ్యండి, గడియారం ముల్లు తిరిగే దిశలో. నేరుగా పక్కకి తోస్తే ముక్కలు మెట్లు మెట్లుగా వస్తాయి, గుండ్రం రాదు. చెయ్యి ఇరుసు చుట్టూ తిరగాలి, దూరం మారకూడదు. వేగం మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండాలి. ఎడమ బొటనవేలి నొక్కు ఎంతంటే ముక్కలు పడిపోకుండా ఉంటే చాలు, అంతకుమించి వద్దు.

ఈ దిశలో తిప్పితే ముక్కల మూల ఉన్న అంకెలు వరుసగా కనపడతాయి. అదే వ్యతిరేక దిశలో తిప్పితే రెండే మూలల్లో అంకెలుండే మామూలు డెక్‌లో అవి దాక్కుని దాదాపు తెల్లగా కనపడుతుంది, చూసేవాళ్ళకి ముక్కలు ఖాళీ అన్నట్టుంటుంది, అది కూడా నేర్చుకోండి, సరదాగా ఉంటుంది.

తీసే ముందు డెక్ అంచులు పూర్తిగా సమంగా ఉండక్కర్లేదు. పై అంచుని బొటనవేలితో కొద్దిగా ఏటవాలు చేసుకుంటే ముక్కలు ఒకదాని వెనక ఒకటి తేలిగ్గా కదలడం మొదలుపెడతాయి.

మూసేటప్పుడు చాలామంది ఫ్యాన్‌ని అరచేత్తో కొట్టి మూసేస్తారు, మూలలు అక్కడే మెత్తబడతాయి. కుడి చేతి వేళ్ళని ఫ్యాన్ కుడి చివర ముక్క పక్కన ఆనించి, తెరిచిన దారిలోనే వెనక్కి తీసుకెళ్ళండి, అవే మూసుకుంటాయి.

ముద్ద ఎందుకొస్తోంది, ఎలా కనిపెట్టాలి

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే అందరికీ వచ్చే సమస్య ఇదే. ఫ్యాన్ తెరిచారు, మొదట్లో బాగుంది, ఎడమ వైపు నుంచి మూడో వంతు దగ్గర 8, 10 ముక్కలు అతుక్కుని ఒకే ముద్దగా ఉన్నాయి, దాని పక్కన పెద్ద ఖాళీ. తప్పు చేతిదా, ముక్కలదా?

ఫ్యాన్ మూసి డెక్‌ని ఒకసారి కట్ చెయ్యండి, చార్లియర్‌తోనే. ముద్ద కట్టిన ముక్కలు ఇప్పుడు డెక్‌లో వేరే చోటికి వెళ్ళిపోయాయి. మళ్ళీ ఫ్యాన్ తెరవండి. ముద్ద ఆ ముక్కలతోపాటు వేరే చోటికి పోయిందంటే తప్పు ముక్కలది, వాటి మీద మురికో తేమో ఉంది, లేదా ఒకటి రెండు వంగాయి. అలా కాకుండా ముద్ద మళ్ళీ అదే మూడో వంతు దగ్గరే, ఇప్పుడు వేరే ముక్కలతో వచ్చిందంటే తప్పు చేతిది, ఆ చోటికి వచ్చేసరికి మీ కుడి బొటనవేలు తొందరపడుతోంది, లేదంటే ఎడమ బొటనవేలు తెలియకుండానే బిగుస్తోంది. ఓ మూడు నాలుగు సార్లు చేస్తే సందేహం ఉండదు.

ముక్కలదైతే ఆ పదింటినీ బయటికి తీసి ఒక్కోదాన్నీ పొడి మెత్తటి గుడ్డతో రెండు పక్కలా తుడవండి. నీళ్ళు వద్దు, అంచు నుంచి కాగితంలోకి ఇంకుతాయి. వంగినదాన్ని బల్ల మీద పెట్టి కంటి ఎత్తులో చూస్తే తెలుస్తుంది, వంపుకి వ్యతిరేకంగా మెల్లగా వంచి సరిచెయ్యండి. మడత గీత పడి ఉంటే మాత్రం సరికాదు, ఆ ముక్కని తీసెయ్యడమే, 51 ముక్కలతో కార్డిస్ట్రీకి ఏ లోటూ లేదు. జోకర్‌ని దాని చోట్లో పెట్టేసుకోవచ్చు కూడా.

చేతిదైతే ఫ్యాన్‌ని సగం వేగంతో తియ్యండి, ఎక్కడ బొటనవేలు తడబడుతోందో అప్పుడు తగులుతుంది. వేగం తగ్గిస్తే ఫ్యాన్ ఇంకా అందవికారంగా వస్తుంది మొదట్లో, అది మామూలే.

జారడం కోసం కొందరు పౌడర్ వాడతారు, పాత మాంత్రికులు జింక్ స్టియరేట్ పొడి చల్లేవాళ్ళు. నా మాట వింటే వద్దు, ఆ పొడి పీల్చకూడదు, పైగా చేతి తప్పుని అది కప్పేస్తుంది. టాల్కం అయితే చెమటతో కలిసి పేస్ట్‌లా అయిపోతుంది.

ఒంటిచేతి ఫ్యాన్

ఇది 25 ముక్కలతో మొదలుపెట్టండి. పట్టు థంబ్ ఫ్యాన్‌దే, బొటనవేలు ముందు, మిగతా వేళ్ళు వెనక, అన్నీ డెక్ కింది సగంలోనే. ఇక్కడ రెండో చెయ్యి లేదు కాబట్టి ముందు వెనకలు రెండూ కదలాలి: బొటనవేలు ముందున్న ముక్కల్ని కుడి పక్కకి తిప్పుతూ తోస్తుంది, అదే సమయంలో వెనకున్న వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుంటూ వెనక ముక్కల్ని ఎడమకి లాక్కుంటాయి. మధ్యలోవి రెండింటి మధ్య పరుచుకుంటాయి.

బొటనవేలు ఒక్కటే కదిలితే ముందు 10 ముక్కలు మాత్రమే తెరుచుకుని వెనకంతా కట్టలా ఉండిపోతుంది. అలా వస్తే మీ వేళ్ళు ముడుచుకోవడం లేదు. ముక్కలు లేకుండా ఆ కదలికని ఊరికే గాలిలో చేసి చూడండి, పిడికిలి మూస్తూ బొటనవేలిని పక్కకి తుడిచినట్టు. పూర్తి డెక్‌తో ఇది థంబ్ ఫ్యాన్ అంత సమానంగా రావడం కష్టమే, కాబట్టి దానితో పోల్చుకోకండి.

ప్రెషర్ ఫ్యాన్ అని ఇంకోటుంది, డెక్‌ని విల్లులా వంచి ముక్కల్ని వదులుతూ తెరవడం, అందంగా సమానంగా వస్తుంది కానీ ప్రతిసారీ డెక్ వంగుతుంది, డెక్ ఒక పక్కకి వంపు తిరిగిపోతుంది. ఇవన్నీ వచ్చాక పాత డెక్‌తో నేర్చుకోండి.

రోజూ ప్రాక్టీస్

20 నిమిషాలు చాలు, కానీ వరుస ముఖ్యం. చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి, క్రీమ్ రాసుకుని ముక్కలు ముట్టుకోకండి. మొదటి 3 నిమిషాలు కేవలం గ్రిప్, ఆ ఒక్క ముక్క లాగే పరీక్షతో సహా. తర్వాత 7 నిమిషాలు చార్లియర్, నాలుగు దశల మధ్య ఆగి ఆగి, ప్రతి దశలో చెయ్యి చూసుకుంటూ, చివరి రెండు నిమిషాలు మాత్రం ఆగకుండా. తర్వాత 2 నిమిషాలు చెయ్యి విదిలించి రెస్ట్. ఇంకో 6 నిమిషాలు ఫ్యాన్‌లు, చివరి 2 నిమిషాలు రెండో చేత్తో ఏదైనా ఒకటి. బొటనవేలి మొదట్లో గానీ మణికట్టులో గానీ నొప్పి మొదలైతే ఆ రోజుకి ఆపెయ్యండి, వేళ్ళు సాగడం వేరు, నొప్పి వేరు.

టీవీ చూస్తూ చెయ్యడం మంచిదే కానీ వచ్చేసిన మూవ్స్‌కి మాత్రమే, కొత్తదాన్ని అలా చేస్తే తప్పు కదలికే అలవాటైపోతుంది, తర్వాత దాన్ని వదిలించుకోవడం కొత్తది నేర్చుకోవడం కంటే కష్టం.

అంచులు

ముక్క మీద పూత ఉంటుంది, అంచు మీద ఉండదు, కోసిన కాగితం అక్కడ బయటికే కనపడుతుంది. అందుకే తేమా మురికీ లోపలికి పోయేది అంచు నుంచే. కొత్త డెక్ పక్క నుంచి చూస్తే తెల్లగా ఉంటుంది, వాడేకొద్దీ బూడిద రంగు చార వస్తుంది, అది వేళ్ళ మురికి. రోజూ ప్రాక్టీస్ అయ్యాక డెక్‌ని గట్టిగా పట్టుకుని నాలుగు పక్కలా పొడి గుడ్డతో తుడిస్తే ఆ చార చాలా ఆలస్యంగా వస్తుంది.

కింద పడటం అన్నిటికంటే పెద్ద శత్రువు, గట్టి నేల మీద మూల తగిలితే ఒక్క దెబ్బకే నలిగిపోతుంది. మంచం మీద కూర్చునో, కింద మందపాటి దుప్పటి పరుచుకునో చెయ్యండి. పడినవి ఏరేటప్పుడు గుప్పెట్లో లాక్కోకుండా ఒక్కోటీ తియ్యండి. డెక్‌ని సర్దడానికి బల్ల మీద టకటకా కొట్టే అలవాటు ఉంటే మానెయ్యండి, రెండు చేతుల వేళ్ళతో పొడుగు అంచులు, తర్వాత పొట్టి అంచులు నిమిరితే సరిపోతుంది.

ఇంకోటి, డెక్‌ని అప్పుడప్పుడూ తల కిందులు చేసి పట్టుకోండి. ఫ్యాన్ తీసేటప్పుడు బొటనవేలు ఎప్పుడూ ఒకే మూలని తోస్తుంది కాబట్టి ఆ మూల ముందు మెత్తబడుతుంది, తిప్పుతూ ఉంటే అరుగుదల రెండు మూలలకి పంచుకుంటుంది.

పెట్టెలో పెట్టేటప్పుడు మూత నాలుక ముక్కల మధ్యలోకి దూరి పై ముక్క అంచుని మడిచేస్తుంది, చూసుకుని డెక్‌కీ పెట్టె గోడకీ మధ్యలోకి పోనివ్వండి. డెక్‌ని పెట్టెలోనే ఉంచండి, బయట వదిలేస్తే గాల్లో తేమకి ఒక పక్కకి వంగుతుంది. అలా వంగిన డెక్ మీద రాత్రంతా బరువైన పుస్తకం పెడితే కొంతవరకు సరవుతుంది. ఎండలో ఆపిన కార్‌లో మాత్రం వదలకండి.

తుడిచినా, వంపు తీసినా, కట్ పరీక్షలో ముద్ద ఒక్క చోట కాకుండా డెక్ అంతటా వస్తోందంటే ఆ డెక్ ఫ్యాన్‌లకి అయిపోయినట్టే. పారెయ్యకండి, చార్లియర్‌కి ముక్కలు జారాల్సిన పని అంతగా లేదు, ఇంకా కొన్ని నెలలు కట్స్‌కి పనికొస్తుంది, మంచి డెక్‌ని ఫ్యాన్‌ల కోసం దాచుకోండి.